కీ చూసి చదివిన బిట్టు పరీక్ష హాల్లో గుర్తుకు రాదు

గ్రూప్స్ అభ్యర్థుల చేతుల్లో ఉండే బిట్ బ్యాంకులన్నీ ఒకే తీరున అచ్చవుతాయి. ప్రశ్న, దాని కింద నాలుగు ఆప్షన్లు, పేజీ అడుగున కీ. హన్మకొండలో నయీంనగర్, కిషన్‌పుర వైపు ఏ రీడింగ్ రూంలోకి వెళ్లినా చదివే తీరు కూడా ఒకటే. చూపు ప్రశ్న మీద పడుతుంది, క్షణంలో పేజీ అడుగుకు దిగుతుంది, మళ్లీ పైకి వచ్చి సరైన ఆప్షన్ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుడుతుంది. ‘ఇది తెలిసిందే’ అనుకుని తర్వాతి ప్రశ్నకు పోతారు. రాత్రికి రెండు వందల బిట్లు అయిపోయాయని లెక్క. ఆ రెండు వందల్లో నిజంగా వచ్చినవి ఎన్నో ఎవరూ చూసుకోరు. ఏళ్ల తరబడి కష్టపడి చదివేవాళ్లకు కూడా మార్కులు ఒకచోటే ఆగిపోవడానికి సిలబస్ సైజు కన్నా ఈ అలవాటే పెద్ద కారణమని నా వాదన.

ఇది పెద్దలు చెప్పే సుద్ది కాదు, కొలిచి చూసిన విషయం. అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చారు, వాటిలో సముద్రపు నీటికుక్కల గురించి ఒకటి. ఒక గుంపు నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతల్లో పాఠం మూసేసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివిన గుంపుదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతం. వారం ఆగి పెడితే తలకిందులైంది. చదివినవాళ్లు 40 శాతానికి పడిపోయారు, రాసినవాళ్లు 61 దగ్గర నిలిచారు. చదివిన గుంపు ఆ పాఠాన్ని సగటున పద్నాలుగు సార్లు చదివింది. రాసిన గుంపు మూడు నాలుగు సార్లకు మించి చదవలేదు.

ఆ ప్రయోగంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఈ అంకెలు కాదు. వారం తర్వాత మీకు ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే, అందరికన్నా ధీమాగా జవాబిచ్చింది పదేపదే చదివిన గుంపే. మన రీడింగ్ రూంల కథంతా ఇందులో ఉంది. కీ చూడగానే జవాబు కళ్ల ముందుంటుంది, పరిచయమైన ముఖంలా కనిపిస్తుంది. ఆ పరిచయాన్నే మనం ‘వచ్చింది’ అని లెక్కేస్తాం. పరీక్ష హాల్లో మాత్రం జవాబును మనమే లోపలి నుంచి బయటికి లాగాలి. చూసి గుర్తుపట్టడం ఒక పని, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరే పని. ఒకదాన్ని సాధన చేస్తూ రెండోదాంట్లో మార్కులు ఆశిస్తున్నాం.

జవాబు నెట్‌లో వెతుక్కోవడం ఎంత ఖరీదైనదో అమెరికాలోనే రట్గర్స్ యూనివర్సిటీలో పదకొండేళ్లపాటు గమనించారు. హోంవర్క్ ప్రశ్నల్లో తెచ్చుకున్న మార్కుల కన్నా పరీక్షలో తక్కువ తెచ్చుకున్న విద్యార్థులు 2008లో 14 శాతం. 2017కు 55 శాతం. ఈ మధ్యలో జరిగిందేమిటంటే, సొంతంగా ఆలోచించి రాసేవాళ్లు తగ్గి, ఇంటర్నెట్‌లో చూసి రాసేవాళ్లు పెరిగారు. హోంవర్క్ అందరూ చేశారు. లాభం మాత్రం వెతుక్కోకుండా రాసినవాళ్లకే దక్కింది.

ఇప్పుడు మన పేపర్‌కు వద్దాం. గ్రూప్-2 నాలుగో పేపర్ తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. 150 మార్కులు. ఈ ప్రాంతం పిల్లలు ఇంట్లో విన్న కథే కదా అని తేలిగ్గా తీసుకుని, తీరా హాల్లో తడబడేది ఇక్కడే. ఎందుకంటే అడిగేది కథను కాదు, కథలోని వరుసను. ఫలానా నాలుగింటిని కాలక్రమంలో పెట్టండి, ఈ రెండు వాక్యాల్లో ఏది సరైనది, జతపరచండి.

610 జీవోనే తీసుకుందాం. కీ చూసి చదివినవాడికి ‘610 జీవో అంటే 1985’ అని ఒక ముక్క మిగులుతుంది. ప్రశ్నను కొద్దిగా తిప్పి, అది ఏ ఉత్తర్వుల ఉల్లంఘనను సరిదిద్దడానికి వచ్చిందని అడిగితే ఆ ముక్క పనికిరాదు. కీ మూసి చదివే పద్ధతిలో అభ్యర్థి చిన్న కాగితం ముక్క మీద ఒక ప్రశ్న రాస్తాడు: ‘610 జీవో ఎందుకు వచ్చింది?’ వెనక వైపు జవాబు. ఆప్షన్లు ఉండవు. ప్రశ్న చూసి, జవాబు నోటితో కాకుండా పెన్నుతో రాయాలి. మొదటిసారి ఇలా వస్తుంది: ‘1973 ఆరు సూత్రాల పథకం... తర్వాత ఏదో సవరణ... 1985లో జీవో.’ మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ కనిపించడమే ఈ పద్ధతి చేసే మొదటి మేలు. కాగితం తిప్పితే గొలుసు పూర్తవుతుంది. ఆరు సూత్రాల పథకాన్ని అమలు చేయడానికి 32వ రాజ్యాంగ సవరణ, దానితో 371డీ అధికరణ, దాని కింద 1975 అక్టోబర్ 18న రాష్ట్రపతి ఉత్తర్వులు. ఆ ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణలోని అయిదు, ఆరు జోన్లలో నియమితులైన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలని 1985 డిసెంబర్ 30న 610 జీవో. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ అప్పుడు అయిదో జోన్‌లో ఉన్నాయి. కాబట్టి ఇది మన తాతల ఉద్యోగాల లెక్క కూడా.

ఇందులో ఒక విచిత్రం ఉంది. తడుముకుని తప్పు జవాబు రాసి, ఆ తర్వాత సరైనది చూసినా నష్టం లేదు. కచ్చితంగా తెలుసనుకుని ధీమాగా తప్పు రాసినవే, సరిదిద్దుకున్నాక ఇంకా గట్టిగా నిలుస్తాయని ప్రయోగాలు చెబుతున్నాయి. కీ చూడటం తప్పు కాదు. ముందు చూడటమే తప్పు.

ఈ పద్ధతిలో రెండో సగం, విడతల మధ్య ఎడం. ఒకే రోజు పదిసార్లు రాస్తే అది కూడా కీ చూసినట్టే అవుతుంది, జవాబు ఇంకా తడి ఆరదు కనుక. 2008లో సెపెడా అనే పరిశోధకుడి బృందం వెయ్యిమందికి పైగా పరీక్షించి తేల్చింది ఏమిటంటే, పరీక్షకు వారం ఉంటే అందులో దాదాపు ఇరవై నుంచి నలభై శాతం, ఏడాది ఉంటే అయిదు నుంచి పది శాతం ఎడం ఇచ్చి మళ్లీ చూస్తే ఎక్కువ నిలుస్తుంది. కాలం పెరిగేకొద్దీ ఆ శాతం తగ్గుతుంది. పరీక్ష డిసెంబర్ 15న అనుకుందాం, 610 జీవో కాగితం సెప్టెంబర్ 15న రాశారు. మూడు నెలలుంది కాబట్టి ఆ రెంటికీ మధ్యగా పది నుంచి ఇరవై శాతం అనుకుంటే, పెద్ద ఎడం తొమ్మిది రోజుల నుంచి పద్దెనిమిది రోజుల మధ్య రావాలి. నేనైతే సెప్టెంబర్ 16, 20, అక్టోబర్ 4, 20, నవంబర్ 7 అని కాగితం మూలన రాస్తాను. ఈ తేదీలు ఎవరూ శాసించినవి కావు, లెక్కకు దగ్గరగా వేసుకున్నవి. తప్పిన కాగితం మళ్లీ మర్నాటికి వస్తుంది. తప్పనిది తర్వాతి తేదీకి పోతుంది. విడతకొకటి చొప్పున అయిదు అట్టపెట్టెలు చాలు, యాప్ కొనక్కర్లేదు. జర్మనీలో లైట్నర్ అనే ఆయన 1970ల్లోనే ఈ పెట్టెల పద్ధతి రాశాడు.

చెడేది ఎక్కడంటే, ఆవేశంలో. మొదటి వారం రోజుకు నలభై కాగితాలు రాస్తారు. ఒక్కో కాగితం అయిదుసార్లు తిరిగొస్తుంది కాబట్టి కొంతకాలానికి రోజుకు రెండు వందలు తిరగేయాలి. ఒక్కోదానికి అర నిమిషం పట్టినా గంటా నలభై నిమిషాలు. నాలుగు రోజులు పెళ్లికి ఊరెళ్లి వస్తే కట్ట కూలబడుతుంది, పద్ధతే పనికిరాదని తీర్మానిస్తారు. రోజుకు పది కొత్తవి రాస్తే తిరిగొచ్చేవి యాభై, అరగంట లోపు పని. ఇంకో జబ్బు ఏమిటంటే, కాగితం మూల చిరిగిందనో, ప్రశ్న ఫలానా మాటతో మొదలైందనో జవాబు గుర్తుపెట్టుకోవడం. అదే విషయాన్ని వేరే మాటల్లో అడిగించుకున్నప్పుడు తడబడితే ఆ జబ్బు పట్టిందని అర్థం.

ఇంత సిలబస్‌కు ఇవన్నీ చేస్తూ కూర్చుంటే పూర్తయ్యేదెప్పుడు అంటారు. న్యాయమైన ప్రశ్నే. లెక్కల్లో, రీజనింగ్‌లో కాగితాల కన్నా కొత్త లెక్కలు చేయడమే మేలు. అర్థంకాని పాఠాన్ని పెట్టెలో వేసినా అర్థం కాదు, దాన్ని ముందు ఎవరితోనైనా చెప్పించుకోవాలి. కానీ సిలబస్ ‘పూర్తి’ అన్నదాన్ని నేను ఒప్పుకోను. వారానికి అరవై శాతం జారిపోయేది పూర్తయినట్టా?

ఇక అసలు సంగతి. ఎడం లెక్కంతా పరీక్ష తేదీ మీద నిలుస్తుంది. మన దగ్గర తేదీ నిలుస్తుందా? 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, తర్వాత నవంబర్ అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు. చివరికి 2024 డిసెంబర్ 15, 16ల్లో జరిగింది. వాయిదా పడ్డ ప్రతిసారీ చదివే గుంపు కింద నుంచి మొదలుపెట్టింది. ఏడాది కిందటి రివిజన్ ఏడాదికి ఆవిరి కాబట్టి, అదే మెటీరియల్‌కు కొత్త ఎడిషన్ కొనుక్కుంది, అదే క్లాసుకు మళ్లీ ఫీజు కట్టింది. వాయిదా అనేది అభ్యర్థికి శాపం, మర్చిపోవడాన్ని అమ్ముకునేవాళ్లకు పండగ. పెట్టెలు నడిపినవాళ్లకు మాత్రం తేదీ జరిగితే ఎడం కొంచెం సాగుతుంది, అంతే. ఆ అభ్యర్థికి మళ్లీ క్లాసు అక్కర్లేదు. అందుకేనేమో, ఏ కోచింగ్ ప్రకటనలోనూ పెట్టెల మాట కనబడదు.

2024 ఆగస్టులో ప్రభుత్వం అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ ప్రకటించింది. క్యాలెండర్‌లో నెల రాసి వదిలేస్తే అది ప్రకటన, తేదీ వేసి నిలబెట్టుకుంటే చదువుకునేవాడికి అది సెప్టెంబర్ 16, 20, అక్టోబర్ 4 అవుతుంది. అడగాల్సింది మెటీరియల్ కాదు, తేదీ. అంతవరకు నాలుగో పేపర్ బిట్ బ్యాంకులో పేజీ అడుగున ఉన్న కీని ఒక తెల్లకాగితం అతికించి కప్పేయడానికి కమిషన్ అనుమతి అక్కర్లేదు.