సర్పి మాత్రలు ఫ్లూకి ఎందుకు పనికిరావు

"సర్పికి ఇచ్చిన ఎసైక్లోవిర్ మాత్రలు మిగిలాయి, ఫ్లూ జ్వరానికి వేసుకోవచ్చా?"

వేసుకున్నా పనిచేయవండీ. మింగిన ఎసైక్లోవిర్ ఇంకా మందు కాదు, ముడిసరుకే. అది మందుగా మారాలంటే మూడు ఫాస్ఫేట్లు తగలాలి. మొదటిది తగిలించేది సర్పిని తెచ్చే హెర్పిస్ జాతి వైరస్ సొంత ఎంజైమ్, థైమిడిన్ కైనేజ్. మిగతా రెండూ మన కణమే తగిలిస్తుంది. అప్పుడది వైరస్ డీఎన్ఏ గొలుసును అల్లే ఎంజైమ్ పాలిమరేజ్‌ని మోసగించి ఆ గొలుసులో చేరుతుంది. దాని తర్వాత ఇంకో అక్షరం అతుక్కోదు, గొలుసు అక్కడితో ఆగిపోతుంది. ఫ్లూది ఆర్ఎన్ఏ వైరస్, దానికి ఆ కైనేజే లేదు.

ఫ్లూకి వాడే ఒసెల్టమివిర్ న్యూరామినిడేజ్‌ని అడ్డుకుంటుంది. కొత్త వైరస్‌లు కణాన్ని వదిలి బయటపడేది ఆ ఎంజైమ్‌తోనే. అందుకే లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం.

అసలు మాత్రలు ఎలా మిగిలాయి? సర్పికి పెద్దలకు మామూలుగా 800 మి.గ్రా. చొప్పున రోజుకు 5 సార్లు, 7 రోజులు, అంటే 35 మాత్రలు. రోజుకు మూడే వేసుకుని ఉంటారేమో. కిడ్నీ జబ్బున్నవాళ్లకు మాత్రం డాక్టరే మోతాదు తగ్గిస్తారు. తగ్గించకపోతే మందు ఒంట్లో పేరుకుని మగత, వణుకు, పొంతనలేని మాటలు మొదలవ్వొచ్చు. దాన్ని చూసి ఇంట్లోవాళ్లు పక్షవాతమేమోనని హడలిపోతారు.