10 లక్షల మీద పన్ను లేదు, 49 వేలలో దాపరికమూ లేదు

"సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు దాటి క్యాష్ వేస్తే పైమొత్తం మీద 60 శాతం పన్ను కట్టాలి. పాన్ ఇస్తేనే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు తెలుస్తుంది కాబట్టి 49 వేల చొప్పున వేసుకోండి, ఎవరూ అడగరు. రైతులకు ఇవేవీ వర్తించవు. 20 లక్షలు దాటి తీస్తే 2 శాతం పోయినట్టే. అందరికీ పంపండి."

వాట్సాప్‌లో చేతులు మారుతున్న ఈ సందేశంలో 49 వేలు తప్ప మిగతా అంకెలన్నీ చట్టంలో ఎక్కడో ఒకచోట ఉన్నవే. అందుకే చదివినవారు నమ్ముతున్నారు. అయితే ఏ అంకె దేనికి సంబంధించిందో తారుమారైంది. కింద ఇచ్చిన పరిమితులు, సెక్షన్లు 1961 ఆదాయపు పన్ను చట్టం, 1962 నియమాలలోనివి, 2024-25 ఆర్థిక సంవత్సరపు లావాదేవీలకు వర్తించినవి. 2026 ఏప్రిల్ 1ని 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీగా నిర్ణయించారు కాబట్టి, ఆ తర్వాతి లావాదేవీలకు అప్పటి సంఖ్యలను సరిచూసుకోవాలి.

మొదటి వాక్యం సంగతి చూద్దాం. ఖాతాలో నగదు జమ చేయడం ఆదాయం కాదు. మన దగ్గర ఉన్న డబ్బు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారడం మాత్రమే. అందువల్ల జమ అయినంత మాత్రాన ఏ మొత్తం మీదా పన్ను పడదు. 10 లక్షలన్నది బ్యాంకు సమాచారం పంపవలసిన హద్దు. ఒక వ్యక్తికి ఒక బ్యాంకులో ఉన్న ఖాతాల్లో కరెంటు ఖాతాలు, టైమ్ డిపాజిట్లు మినహా మిగతా అన్నింటిలో కలిపి ఆర్థిక సంవత్సరంలో పడిన నగదు 10 లక్షలకు చేరితే, 114ఇ నియమం ప్రకారం ఆ బ్యాంకు తర్వాతి మే 31 లోగా ఆదాయపు పన్ను శాఖకు వివరం పంపుతుంది. కరెంటు ఖాతాలకు ఈ హద్దు 50 లక్షలు. అక్కడ జమలతో పాటు నగదు ఉపసంహరణలు కూడా లెక్కలోకి వస్తాయి. అలా వెళ్లిన వివరం ఖాతాదారుడి వార్షిక సమాచార నివేదికలో, అంటే అందరూ ఏఐఎస్ అనే పత్రంలో కనిపిస్తుంది.

మరి 60 శాతం ఎక్కడిది? ఎవరిదగ్గరైనా ఉన్న డబ్బు ఎలా వచ్చిందో వారు వివరించలేకపోయినా, ఇచ్చిన వివరణ అధికారికి సంతృప్తికరంగా లేకపోయినా, 69ఎ సెక్షన్ కింద దాన్ని ఆదాయంగా పరిగణిస్తారు. 115బీబీఇ సెక్షన్ దాని మీద 60 శాతం పన్ను వేస్తుంది. ఆ పన్ను మీద 25 శాతం సర్‌చార్జి, మొత్తం మీద 4 శాతం సెస్ కలిపితే భారం 78 శాతానికి చేరుతుంది. పెనాల్టీ వేరు. దీనికి 10 లక్షల హద్దు లేదు. మూలం చెప్పలేని 3 లక్షలకైనా ఈ రేటు వర్తించవచ్చు, మూలం రుజువైన 30 లక్షలకు వర్తించదు. అడిగేది ఎంత వేశారని కాదు, ఎక్కడి నుంచి వచ్చిందని.

రెండో వాక్యం అన్నింటికంటే ప్రమాదకరమైనది. దాన్ని నమ్మినవారు తమ సాక్ష్యాన్ని తామే పాడుచేసుకుంటారు. పాన్ నియమం ఇంతే: ఒక బ్యాంకులో ఒకే రోజు వేసిన నగదు 50 వేలు దాటితే పాన్ రాయాలి. ఉదయం 30 వేలు, మధ్యాహ్నం 30 వేలు వేసినా రోజు మొత్తమే లెక్క. పాన్ లేనివారు ఆ సంగతి ప్రకటించే ఫారం 60 నింపి ఇవ్వవచ్చు. ఇక నగదు జమలు గానీ ఉపసంహరణలు గానీ ఏడాదిలో 20 లక్షలకు చేరితే, 2022 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన 114బీబీ నియమం ప్రకారం పాన్ గానీ ఆధార్ గానీ తప్పనిసరి. అక్కడ ఫారం 60 సరిపోదు. చాలామంది ఖాతాలకు పాన్ ముందే జతై ఉంటుంది కాబట్టి, వోచరు మీద నంబరు రాయకపోవడం వల్ల బ్యాంకుకు తెలియకుండా పోయేది ఏమీ లేదు. పైన చెప్పిన 10 లక్షల లెక్క ఏడాది మొత్తాన్ని కూడుతుంది తప్ప ఒక్కో వోచరు ఎంతదని చూడదు.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక లెక్కతో చూద్దాం. ఖమ్మం దగ్గర ఐదెకరాల్లో మిర్చి వేసిన రైతు ఒకరు ఆ ఏడాది 105 క్వింటాళ్లను ఏడు దఫాలుగా, వేర్వేరు రోజుల్లో మార్కెట్‌కు తెచ్చారనుకుందాం. దఫాకు 15 క్వింటాళ్లు, ఖర్చులు పోను క్వింటాలుకు 12 వేల చొప్పున చేతికి 1 లక్ష 80 వేలు నగదు, మొత్తం 12 లక్షల 60 వేలు. ఆయన ప్రతి దఫా సొమ్మునూ మరునాడే పాన్ రాసి బ్యాంకులో వేశారంటే ఖాతాలో ఏడు జమలు ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో తక్‌పట్టీతో, అంటే అమ్మకపు చీటీతో, తేదీకి తేదీ, మొత్తానికి మొత్తం సరిపోతుంది. బ్యాంకు నివేదిక వెళ్తుంది. అడిగితే ఏడు చీటీలు, పట్టాదారు పాసుపుస్తకం, ఖాతా స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టి చూపిస్తే జవాబు దాదాపు పూర్తయినట్టే.

అదే రైతు ఫార్వర్డు మాట విని 49 వేల చొప్పున వేస్తే 26 జమలు అవుతాయి. మొత్తం మళ్లీ 12 లక్షల 60 వేలే కాబట్టి, జమలన్నీ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడితే శాఖకు వెళ్లే నివేదికలో ఒక్క రూపాయి తేడా ఉండదు. మారేది రెండు విషయాలు. ఇప్పుడు ఏ జమ కూడా ఏ తక్‌పట్టీతోనూ కలవదు. ఫిబ్రవరిలో అమ్మిన సరుకు డబ్బు ఏప్రిల్ దాకా ఇంట్లో ఎందుకుంది, ఏప్రిల్‌లో వేసింది ఆ డబ్బేనా లేక వేరే డబ్బా అన్న ప్రశ్న కొత్తగా పుడుతుంది. పైగా చివరి జమలు మార్చి 31 దాటితే తర్వాతి ఏడాది లెక్కలోకి పోయి, పంట ఒక ఏడాదిదీ జమలు రెండు ఏళ్లవీ అవుతాయి. రెండోది, హద్దుకు వెయ్యి తక్కువగా వరుసగా పడే జమలను బ్యాంకు సాఫ్ట్‌వేర్ ప్రత్యేకంగా పట్టి చూపిస్తుంది. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద బ్యాంకులు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు రెండు రకాల నివేదికలు పంపుతాయి. ఒకటి, 10 లక్షలు దాటిన నగదు లావాదేవీలు, ఒకే నెలలో విడివిడిగా జరిగినా ఒకదానికొకటి సంబంధం ఉండి కలిపితే 10 లక్షలు దాటేవి. రెండోది, అనుమానాస్పద లావాదేవీలు. ఈ రెండోదానికి మొత్తంతో పని లేదు. హద్దును తప్పించుకోవడానికి ముక్కలు చేసినట్టు కనిపించడమే కారణం కావచ్చు. అలాంటి నివేదిక పంపామని ఖాతాదారుడికి చెప్పడం బ్యాంకుకు నిషిద్ధం. కాబట్టి "ఎవరూ అడగలేదు" అన్న అనుభవం ఏమీ జరగలేదనడానికి రుజువు కాదు. చెమటోడ్చి సంపాదించిన డబ్బును దొంగ సొమ్ములా కనిపించేలా వేయడం కంటే తెలివితక్కువ సలహా నాకు కనిపించలేదు.

ఇప్పుడు ఈ రైతు దగ్గర ఆరు తక్‌పట్టీలే దొరికాయి, ఏడో దఫా అమ్మకానికి ఏ ఆధారమూ లేదు అనుకుందాం. అప్పుడు వివాదం 12 లక్షల 60 వేల మీద గానీ, 10 లక్షలకు పైనున్న 2 లక్షల 60 వేల మీద గానీ ఉండదు. ఆ 1 లక్ష 80 వేల మీదే ఉంటుంది. దాన్ని అధికారి ఒప్పుకోకపోతే 78 శాతం చొప్పున 1 లక్ష 40 వేల 400 రూపాయలు కట్టవలసి వస్తుంది. కమీషన్ ఏజెంటు పుస్తకాల నకలు తెచ్చుకోవడం, మార్కెట్ కమిటీ రికార్డు అడగడం ఇలాంటి చోట అక్కరకు వస్తాయి.

రైతుల గురించిన మాటలో సగమే నిజం. వ్యవసాయ ఆదాయానికి 10(1) సెక్షన్ కింద మినహాయింపు ఉంది, కానీ అది వ్యవసాయ ఆదాయమేనని చూపించే బాధ్యత రైతుదే. ఇక్కడ అధికారులు చేసే లెక్క కష్టమైనదేమీ కాదు: ఎకరాలు, దిగుబడి, ఆనాటి ధర. ఐదెకరాల పాసుపుస్తకం పెట్టి 40 లక్షల మిర్చి అమ్మానంటే గుణించి చూసినవారెవరూ నమ్మరు. ప్లాటు అమ్మకంలో రిజిస్ట్రేషన్ విలువకు పైన తీసుకున్న నగదును పంట డబ్బుగా చూపించే ప్రయత్నాలు బయటపడేది సాధారణంగా ఇక్కడే.

దీనికి తోడు, ఆదాయానికి మినహాయింపు ఉన్నా నగదు పుచ్చుకునే పద్ధతికి లేదు. 269ఎస్‌టీ సెక్షన్ ప్రకారం ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజులో గానీ, ఒకే లావాదేవీకి గానీ 2 లక్షలు లేదా అంతకు మించి నగదు పుచ్చుకోకూడదు. పై ఉదాహరణలో దఫాకు 1 లక్ష 80 వేలు కాబట్టి చిక్కు రాలేదు. అదే రైతు 30 క్వింటాళ్లు ఒకేసారి అమ్మి 3 లక్షల 60 వేలు నగదుగా తీసుకుని ఉంటే, తగిన కారణం చూపలేని పక్షంలో 271డీఎ కింద అంతే మొత్తం పెనాల్టీగా పడవచ్చు, అదీ డబ్బు తీసుకున్న రైతు మీదే. అలాంటి అమ్మకానికి సొమ్ము నేరుగా ఖాతాకు పంపమని అడగాలి. ఖాతాలోని మన డబ్బును బ్యాంకు నుంచి తీసుకోవడానికి ఈ హద్దు అడ్డురాదు.

ఉపసంహరణల విషయంలో ఫార్వర్డు రెండు చోట్ల తప్పింది. 194ఎన్ సెక్షన్ కింద రిటర్నులు వేస్తున్నవారికి ఏడాదిలో 1 కోటి దాటిన భాగం మీదే 2 శాతం కోత ఉంటుంది. 20 లక్షల హద్దు అంతకు ముందరి మూడేళ్లూ రిటర్ను వేయనివారికి మాత్రమే. వారికి 20 లక్షల నుంచి 1 కోటి వరకు 2 శాతం, ఆపైన 5 శాతం. పన్ను వేయదగ్గ ఆదాయం లేక రిటర్ను వేయని రైతు కూడా ఈ రెండో కోవలోకే వస్తాడు కనుక, అతను ఒక బ్యాంకు నుంచి ఏడాదిలో 26 లక్షలు నగదుగా తీస్తే పైనున్న 6 లక్షల మీద 12 వేలు కోస్తారు. అయితే ఆ డబ్బు పోయినట్టు కాదు. అది అతని పాన్ మీద జమైన టీడీఎస్, అంటే ముందుగానే కోసి ఉంచిన పన్ను. అలాంటి పన్ను జమల వివరాలుండే ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. ఆ సంవత్సరానికి గడువులోగా రిటర్ను వేసి, కట్టవలసిన పన్ను ఏమీ లేకపోతే, ఆ 12 వేలూ రిఫండుగా తన ఖాతాకే తెప్పించుకోవచ్చు.