రాకెట్ ఎగిరింది, చెత్త పోయింది

ఊళ్ల పారిశుద్ధ్యం గురించి ఎవరేమన్నా అననివ్వండి, ఫోన్ల పారిశుద్ధ్యంలో మాత్రం మనల్ని మించినవాళ్లు లేరు. ఇంటి ముందు కాలువ పూడిపోతే మున్సిపాలిటీ వాళ్లే వస్తారులే అని నెలల తరబడి ఎదురుచూసే మనిషి కూడా, ఫోన్లో "1.6 జీబీ జంక్ దొరికింది" అని కనపడగానే ఒక్క క్షణం ఆగడు. నొక్కేస్తాడు. తెర మీద చీపురు తిరుగుతుంది, అంకెలు గిర్రున తగ్గుతాయి, ఆఖర్న ఒక రాకెట్ పైకి లేస్తుంది. ఆ వెంటనే ప్రకటన: మీ ఫోన్ 38 శాతం వేగం పుంజుకుంది. దేనితో పోలిస్తే 38 శాతం అని అడగడం అమర్యాద. ఆ తర్వాత వచ్చే రమ్మీ యాడ్ పూర్తయ్యేదాకా కదలకుండా చూడటం మన కనీస కృతజ్ఞత.

ఇంత సేవ చేస్తున్న యాప్‌లకు తగిన గుర్తింపు దక్కలేదన్నది నా బాధ. ఎవరేం చేస్తున్నారో ప్రజలకు తెలియాలి కదా. అందుకు మా బాబాయి ఫోన్‌నే తీసుకుందాం. 2019లో కొన్నది. 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్, ఆండ్రాయిడ్ 10 దగ్గరే ఆగిపోయింది. దాని ఆరోగ్యం చూసుకోవడానికి ఒక ర్యామ్ బూస్టర్, ఒక జంక్ క్లీనర్, ఒక బ్యాటరీ సేవర్, బ్యాటరీ లెక్క సరిచేస్తానని చెప్పే ఒక కాలిబ్రేషన్ యాప్, ఒక సీపీయూ కూలర్ డ్యూటీలో ఉన్నాయి. కూలర్ అంటే లోపల ఫ్యాన్ ఏమీ ఉండదు. తెర మీద మంచు కురుస్తుంది, అంతే.

ముందు బూస్టర్ సంగతి. మనం ఒక యాప్ వాడి పక్కకు వచ్చేస్తే ఆండ్రాయిడ్ దాన్ని వెంటనే తీసేయదు, ర్యామ్‌లోనే పడుకోబెడుతుంది. పడుకున్న యాప్ బ్యాటరీ తినేది దాదాపు ఏమీ ఉండదు. మళ్లీ తెరిస్తే చటుక్కున లేచి కూర్చుంటుంది. ర్యామ్ చాలకపోతే ఎవర్ని ముందు పంపించాలో సిస్టమే చూసుకుంటుంది, అది దాని రోజువారీ పని. బూస్టర్ వచ్చి అందరినీ ఒకేసారి గెంటేస్తుంది. "640 ఎంబీ ఖాళీ అయింది" అని రాకెట్ ఎగురుతుంది. కాసేపటికి వాట్సాప్‌కు మెసేజ్ వస్తుంది, సిస్టమ్ దాన్ని మళ్లీ లేపుతుంది. ఈసారి ర్యామ్‌లో ఏమీ లేదు కాబట్టి మొత్తం స్టోరేజ్ నుంచి మొదలుపెట్టి లోడ్ చేయాలి. ప్రాసెసర్‌కు పని, బ్యాటరీకి ఖర్చు. అలా మళ్లీ నిండిన ర్యామ్‌ను చూసి బూస్టర్ కంగారుపడుతుంది, మళ్లీ ఎర్ర నోటిఫికేషన్ ఇస్తుంది. ఒకరు గెంటుతుంటే ఒకరు లేపుతుంటారు, ఉపాధికి లోటు లేదు.

2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 ఈ ఉద్యోగం మీద కొట్టింది. అందులో ఒక మామూలు యాప్ అలా గెంటేసే పాత పద్ధతిలో ఆపగలిగేది తన సొంత ప్రాసెస్‌లనే, పక్క యాప్‌లను ముట్టుకోలేదు. అంటే కొత్త ఫోన్లలో బూస్టర్‌కు మిగిలిన అధికారం తనను తాను ఆపుకోవడం. ఆ అధికారాన్ని అది వాడుకుంటే ఫోన్ నిజంగానే వేగం పుంజుకుంటుంది.

ఇక జంక్ క్లీనర్. అది చెత్త అని చూపించేదాంట్లో సింహభాగం క్యాష్. యూట్యూబ్ బొమ్మలు, షాపింగ్ యాప్‌లో చూసిన చీరల ఫొటోలు, ఇలా మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేయకుండా యాప్‌లు దాచుకున్న సరుకు. తుడిచేస్తే పోతుంది, రేపు ఆ యాప్ తెరవగానే డేటా ఖర్చుపెట్టుకుని మళ్లీ వస్తుంది. జాగా బాగా తక్కువైతే ఆండ్రాయిడే ఈ క్యాష్‌ను ఖాళీ చేసుకుంటుంది. పైగా 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి మామూలు యాప్‌లకు పక్క యాప్‌ల క్యాష్ నేరుగా తుడిచే అనుమతే లేదు. మరి ఎలా తుడుస్తోంది అంటారా? యాక్సెసిబిలిటీ అనుమతి అడిగి, మన బదులు సెట్టింగ్స్ తెరిచి, ఒక్కో యాప్‌లో క్లియర్ క్యాష్ బటన్ తనే నొక్కుతుంది. చూపు సరిగా లేనివాళ్లకు, చేతులు సహకరించనివాళ్లకు సాయంగా పెట్టిన అనుమతి అది. అది ఇచ్చామంటే ఆ యాప్ తెర మీద ఉన్నది చదవొచ్చు, బటన్లు నొక్కొచ్చు. చెత్త ఊడ్చే మనిషికి బీరువా తాళాలు ఇవ్వడం మన మర్యాదలో భాగమే అనుకోండి. కానీ కొన్ని బ్యాంకు యాప్‌లకు ఈ మర్యాద తెలియదు, ఈ అనుమతి ఆన్‌లో ఉంటే తెరుచుకోనంటాయి.

ఈ రంగంలో పెద్దలను ఒకసారి తలుచుకోవాలి. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు అందరూ టిక్‌టాక్ కోసం ఏడ్చారు. అదే జాబితాలో క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్, డీయూ బ్యాటరీ సేవర్, వైరస్ క్లీనర్ కూడా ఉన్నాయి. వాటి కోసం ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. అవి వెళ్లిపోయాక ఫోన్లు ఏమీ నెమ్మదించలేదు కూడా, బహుశా దుఃఖం దిగమింగుకుని ఉంటాయి.

బ్యాటరీ సేవర్ గురించి బాబాయికి ఒక ఫిర్యాదు ఉంది. తెల్లవారుజామున రైలుందని అలారం పెట్టుకుంటే అది మోగలేదు. సేవర్ ఆ అలారం యాప్‌ను కూడా పడుకోబెట్టింది. బ్యాటరీ మాత్రం ఆదా అయింది, దాని మాట అది నిలబెట్టుకుంది. ఆండ్రాయిడ్‌లో 2015 నుంచే డోజ్ అనే ఏర్పాటు ఉంది, ఫోన్ కదలకుండా పక్కన పడుంటే యాప్‌ల పనులన్నీ అదే వాయిదా వేస్తుంది, అలారం లాంటివాటిని మాత్రం మోగనిస్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి మనం అరుదుగా వాడే యాప్‌లను గమనించి వాటిని తగ్గిస్తుంది కూడా. బయటి సేవర్ దీనికి కలిపేది ఒక నోటిఫికేషన్.

కాలిబ్రేషన్ యాప్ ఇంకా లోతైన మనిషి. పాత రకాలు చేసేది batterystats.bin అనే ఫైల్‌ను తుడవడం. అది ఏ యాప్ ఎంత బ్యాటరీ తిన్నదో రాసుకునే చిట్టా. తెర మీద కనిపించే శాతానికీ, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందన్నదానికీ దానితో సంబంధం లేదని ఆండ్రాయిడ్ ఇంజినీర్ డయాన్ హాక్‌బోర్న్ 2012లోనే చెప్పారు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చింపేసినంత మాత్రాన బియ్యం బస్తా నిండదు కదా. అయినా ఆ యాప్‌లు వస్తూనే ఉన్నాయి.

మరి బాబాయి బ్యాటరీ సాయంత్రానికల్లా ఎందుకు అయిపోతోంది? సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ తెరిస్తే మొదటి వరుసలో తెర, రెండో వరుసలో మొబైల్ నెట్‌వర్క్. ఆ రెండో వరుసే అసలు సంగతి. ఫోన్లో రెండో సిమ్ ఉంది, ఆ కంపెనీ సిగ్నల్ వాళ్ల ఇంట్లో అందీ అందనట్టు ఉంటుంది. సిగ్నల్ బలహీనమైతే ఫోన్ టవర్‌ను వెతుకుతూ ఉంటుంది, అందడానికి గట్టిగా ప్రసారం చేయాల్సి వస్తుంది, పగలూ రాత్రీ. ఆ సిమ్‌ను సెట్టింగ్స్‌లో ఆఫ్ చేశాం. తెర వెలుతురు తగ్గించాం. డార్క్ మోడ్ వల్ల కూడా ఆదా అవుతుందని ఎవరో చెప్పారట. అది అమోలెడ్ తెరల సంగతి. చవక ఫోన్లలో ఎక్కువగా ఉండే ఎల్‌సీడీలో నల్లరంగు వెనక కూడా లైటు వెలుగుతూనే ఉంటుంది.

అయినా పాతబడ్డ బ్యాటరీ పాతబడ్డదే. అది ఎంత పాతబడిందో చెప్పే యాప్ మాత్రం ఒకటి పనికొస్తుంది: అక్యుబ్యాటరీ. ఛార్జింగ్‌లో ఎంత కరెంటు లోపలికి పోయిందో లెక్కగట్టి ఇప్పుడు మిగిలిన సామర్థ్యం అంచనా వేస్తుంది. ఒక్కసారి చూసి నమ్మకూడదు, బాగా దిగిన బ్యాటరీని పూర్తిగా ఎక్కిస్తూ కొన్నిసార్లు చూడాలి. బాబాయి 4000 ఎంఏహెచ్ బ్యాటరీ 2600 చుట్టుపక్కల తేలింది. దీనికి మందు యాప్‌లో లేదు, రిపేర్ షాపులో ఉంది. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే లెక్కలు కూడా అక్కర్లేదు, ఛార్జింగ్ ఆపేసి నేరుగా షాపుకే.

స్టోరేజ్ దగ్గర బాబాయి వాదన బలమైనది. "రోజూ చెత్త తీస్తూనే ఉన్నాన్రా, అయినా నిండిపోతోంది." నిజమే. సెట్టింగ్స్‌లో చూస్తే 32 జీబీలో మిగిలింది 400 ఎంబీ. అంతగా నిండితే చవక ఫోన్లలో స్టోరేజ్‌గా ఉండే ఇఎంఎంసీ చిప్‌కు కొత్తది రాసుకోవడానికి చోటు వెతుక్కోవడమే సరిపోతుంది, ఫోన్ ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. ఆయన నెమ్మది అంటున్నది సగం దీన్నే, ర్యామ్‌ను కాదు. ఒక్క వాట్సాప్ 11 జీబీ తింటోంది. క్లీనర్ ఏనాడూ దాని జోలికి వెళ్లలేదు, దాని దృష్టి 12 ఎంబీ థంబ్‌నెయిల్స్ మీద.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. అక్కడ 5 ఎంబీ దాటినవి ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఇంకోచోట పేర్చి పెట్టి ఉంటాయి. శుభోదయం బొమ్మలు, మోకాళ్ల నొప్పికి మెంతులు, అదే మెంతుల వీడియో మరో గ్రూపులో. ఇక్కడ తీసేస్తే గ్యాలరీలోంచి కూడా పోతాయి, కాబట్టి మనవడి ఫొటోలు ముందు వేరే చోట దాచుకోవాలి. ఒకే వీడియో రెండు చాట్లలో ఉంటే రెండు చోట్లా తీయాలి, లేకపోతే జాగా రాదు. ఫైల్ మేనేజర్‌లో Sent అనే ఫోల్డర్ కూడా చూడాలి, మనం పంపినవాటి కాపీలు అందులో పేరుకుంటాయి.

ఈ ఫైల్ మేనేజర్ పనికి గూగుల్ వారి ఫైల్స్ చాలు. 2017 డిసెంబర్‌లో ఫైల్స్ గో పేరుతో, ఇలాంటి చిన్న ఫోన్ల కోసమే వచ్చింది. ఒకే ఫైల్ రెండుసార్లు ఉన్నవి, పెద్దవి, డౌన్‌లోడ్ చేసి మరిచిపోయినవి చూపించి, ఏది తీయాలో మనల్నే అడుగుతుంది. ఇంకా లోతుగా, తీసేసిన యాప్‌లు వదిలివెళ్లిన ఫోల్డర్లు వెతకాలంటే ఎస్‌డీ మెయిడ్ ఎస్ఈ ఉంది, దాని కోడ్ అందరికీ బహిరంగం. రెండింట్లోనూ రాకెట్ లేదు, అందుకే బాబాయి కంటికి ఆనలేదేమో.

తీసేశాక బాబాయి స్టోరేజ్ చూసి అదిరిపడ్డారు, జాగా అనుకున్నంత పెరగలేదని. గ్యాలరీలోంచి తీసిన వీడియోలన్నీ ట్రాష్‌లో 30 రోజుల మకాం పెట్టాయి. దాన్ని కూడా ఖాళీ చేశాక 8 జీబీ పైన తేలింది. బూస్టర్, క్లీనర్, సేవర్, కాలిబ్రేషన్, కూలర్ అయిదింటికీ పదవీ విరమణ. ముందు యాక్సెసిబిలిటీ అనుమతులు ఆఫ్ చేసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్.

"మరి ఫోన్ శుభ్రమైందని ఎలా తెలుస్తుందిరా?" అన్నారు బాబాయి, ఖాళీ అయిన తెర చూసి. స్టోరేజ్ పేజీ చూసుకుంటూ ఉండండి చాలన్నాను. ఆయన వెంటనే దాన్ని స్క్రీన్‌షాట్ తీశారు, కింద శుభోదయం అని రాశారు, ఉన్న గ్రూపులన్నింటికీ పంపారు.