వడపోత ధర ఫ్యాను చెల్లిస్తుంది

శీతాకాలం దగ్గరపడితే ఢిల్లీలోని కార్యాలయ భవనాలు గాలిని వడపోసి గదులకు పంపే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లకు ఇంకా సన్నని ధూళిని పట్టే పై తరగతి ఫిల్టర్లు కావాలంటూ టెండర్లు పిలవడం కద్దు. పీఎం 2.5 అనే అతి సన్నని ధూళికి మన దేశపు 24 గంటల ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు కాగా, అక్కడ దానికి నాలుగైదు రెట్లు దాటే రోజులుంటాయి కాబట్టి ఆ తొందర అర్థం చేసుకోదగినదే. అయితే తరగతిని, కొనుగోలు ధరను మాత్రమే చూసి, ఆ ఫిల్టరు గుండా గాలిని నెట్టడానికి ఫ్యాను ఏడాది పొడవునా వాడే కరెంటును లెక్కలోకి తీసుకోకపోవడం పొరపాటని మా అభిప్రాయం.

గంటకు 10,000 ఘనపు మీటర్ల గాలిని పంపే యూనిట్ ఏడాదికి 3,000 గంటలు నడుస్తుందనుకుందాం. ఫ్యాను, మోటారు కలిసి 50 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, ఫిల్టరు దగ్గర కోల్పోయే ప్రతి 100 పాస్కల్ పీడనానికి సుమారు 1,670 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. కరెంటు యూనిట్ 9 రూపాయల చొప్పున అది 15,000 రూపాయలు. ఒకే తరగతికి చెందినా, పలుచటి ఫిల్టరు సగటున 220 పాస్కల్, మడతలు ఎక్కువగా ఉన్న లోతైన ఫిల్టరు 130 పాస్కల్ నిరోధిస్తే ఏటా 13,500 రూపాయల తేడా వస్తుంది. అలాంటి యూనిట్‌కు మూడు ఫిల్టర్లు చాలు. ఒక్కొక్కదానికి రెండు మూడు వేలు ఎక్కువ పెట్టినా, అవి ఏడాది మన్నితే నష్టం లేదు.

ఇక తరగతి సంగతి. బయటి గాలి 20 శాతమే కలిసి, మిగిలినది గదుల నుంచే తిరిగివచ్చే యూనిట్‌లో ఒకే గాలి పదే పదే వడపోతకు గురవుతుంది. పీఎం 2.5లో 60 శాతాన్ని పట్టే ఫిల్టరు, బయట 300 మైక్రోగ్రాములు ఉన్న రోజున కూడా, లోపల 35 దగ్గర నిలుపుతుందని లెక్క చెబుతుంది. అదే ఫిల్టరు పూర్తిగా బయటి గాలితో నడిచే యూనిట్‌లో 120 వద్దే ఆగిపోతుంది. అందుచేత పై తరగతి ఫిల్టర్లు ముందుగా దక్కవలసింది బయటి గాలి యూనిట్లకే. తలుపుల సందుల్లోంచి చొరబడే గాలిని ఈ లెక్కలో చేర్చలేదు. అది ఎక్కువగా ఉండే పాత భవనంలో ఫిల్టరు మార్చేకంటే సందులు మూయడమే ముందు పని.

ఫ్యాను వేగాన్ని సర్దే పరికరం లేని యూనిట్లలో ఇంకో చిక్కుంది. అక్కడ ఫిల్టరు పూడుకుపోయినా కరెంటు బిల్లు సాధారణంగా పెరగదు. గాలి తగ్గిపోతుంది, గదుల్లో ఉక్కపోత మొదలవుతుంది. బిల్లు చూసి ఫిల్టరు బాగుందనుకునే నిర్వాహకుడు అక్కడే మోసపోతాడు. అందువల్ల పీడన మీటరు రీడింగుతో పాటు గాలి ప్రవాహాన్ని కూడా కొలిచి చిట్టాలో రాయాలని, ఫిల్టరు మార్చవలసిన పీడన పరిమితిని, ఏడాది సగటు పీడన నష్టాన్ని టెండరులోనే అడగాలని మేము కోరుతున్నాం.