పచ్చి క్యారెట్ మీద ఇంత మోజు ఎందుకు?

"కూరగాయలు పచ్చిగా తింటేనే పోషకాలు, పొయ్యి మీద పెడితే అన్నీ పోయినట్టే" అనే మాట ఈ మధ్య ఏ ఆరోగ్య వీడియో తెరిచినా వినిపిస్తోంది. కొన్ని కూరగాయల విషయంలో అది కొంతవరకు నిజమే, కాదనను. కానీ అదే మాటను తీసుకెళ్లి క్యారెట్‌కీ టమాటాకీ కూడా అంటగట్టేస్తున్నారు చూడండి, అక్కడే నా అభ్యంతరం. ఈ రెండింటినీ మనం దేనికోసం మెచ్చుకుంటామో, అంటే క్యారెట్‌కు నారింజ రంగునిచ్చి ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్, అవి వండినప్పుడే ఒంటికి ఎక్కువ దక్కుతాయి. కాస్త నూనె తోడైతే ఇంకా ఎక్కువ. దీనికి ఆధారాలు పాతికేళ్లకు పైగా కళ్లముందే ఉన్నాయి.

2002లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు టమాటాలను 88 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేసి చూశారు. రెండు నిమిషాల తర్వాత కొలిస్తే లైకోపీన్ 54 శాతం ఎక్కువగా కనిపించింది. పదిహేను నిమిషాలకు 171 శాతం, అరగంటకు 164 శాతం. అంటే పచ్చి టమాటాతో పోలిస్తే రెండున్నర రెట్లకు పైనే. అలాగని వేడికి లైకోపీన్ కొత్తగా పుట్టుకొచ్చిందనుకోకండి. టమాటాలో ఉన్నది మొదటి నుంచీ ఉన్నంతే. పచ్చిగా ఉన్నప్పుడు అది ఎంత గట్టిగా ఇరుక్కుని ఉందంటే, ల్యాబ్‌లో ద్రావకాలు పోసి లాగినా పూర్తిగా బయటికి రాలేదు. వేడి తగిలాక వదిలింది. ల్యాబ్‌లో ద్రావకానికే చిక్కనిది పాపం మన పేగుకు మాత్రం ఎలా చిక్కుతుంది?

ఇరుక్కోవడం అంటే ఏమిటో చూద్దాం. క్యారెట్, టమాటా కణాల లోపల రంగు పదార్థం కోసం చిన్న చిన్న అరలు ఉంటాయి. వాటిలో బీటా కెరోటిన్, లైకోపీన్ ఎక్కువగా స్ఫటికాల రూపంలో పేరుకుని ఉంటాయి, చుట్టూ ప్రొటీన్లు, పొరలు. వీటన్నిటికీ బయట కణం గోడ. ఆ గోడను మన జీర్ణరసాలు కరిగించలేవు, ఎందుకంటే పీచును జీర్ణం చేసే ఎంజైములు మనకు లేవు. పక్కపక్క కణాలను అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడికి ఆ పెక్టిన్ సడలుతుంది, కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, గోడలు మెత్తబడతాయి, లోపలి ప్రొటీన్లు కూడా విడివడతాయి. ఉడికిన క్యారెట్ వేలితో నొక్కితే నలిగిపోవడం అంటే ఈ పని జరిగిందన్నమాట. పచ్చి క్యారెట్‌ను ఎంత నమిలినా చాలా కణాలు చెక్కుచెదరకుండానే కడుపులోకి దిగుతాయి, వచ్చిన దారినే బయటికి పోతాయి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన లెక్క. 2002లోనే స్వీడన్ పరిశోధకుల బృందం ఒకటి ల్యాబ్‌లో కడుపు, పేగు పరిస్థితులను కృత్రిమంగా సృష్టించి, క్యారెట్‌లోంచి బీటా కెరోటిన్ ఎంత బయటపడుతుందో చూసింది. పచ్చి ముక్కల్లోంచి 3 శాతం. అదే పచ్చి క్యారెట్‌ను మెత్తగా గుజ్జు చేస్తే 21 శాతం. ఉడికించి గుజ్జు చేస్తే 27 శాతం. ఆ ఉడికిన గుజ్జుకు నూనె కలిపితే 39 శాతం. వంద గ్రాముల క్యారెట్‌లో సుమారు 8 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుందనుకుందాం. పచ్చి ముక్కలుగా తింటే అందులో పేగుకు అందుబాటులోకి వచ్చేది పావు మిల్లీగ్రాము కూడా కాదు. ఉడికించి, నలిపి, నూనె తగిలిస్తే మూడు మిల్లీగ్రాములు దాటుతుంది. క్యారెట్ అదే, బరువూ అదే, తేడా మాత్రం పదమూడు రెట్లు. ఇది ల్యాబ్ గాజుపాత్రలో కొలిచింది కాబట్టి మనిషి ఒంట్లో ఇదే అంకె వస్తుందని చెప్పలేం. మనుషుల మీద చేసిన ఒక పరిశీలనలో తేడా ఇంతకంటే చిన్నగానే వచ్చింది. తరిగిన పచ్చి క్యారెట్ నుంచి 41 శాతం, ఉడికించి గుజ్జు చేసిన దాన్నుంచి 65 శాతం శోషణ అయింది. చిన్నదైనా గెలిచింది మాత్రం ఉడికినదే.

పై వరసలో ఇంకో సంగతి గమనించారా? అన్నిటికంటే పెద్ద గెంతు 3 నుంచి 21కి, అది నలపడం వల్ల వచ్చింది. అంటే అసలు పని కణాలు పగలడం. వేడి ఆ పనిని సులువు చేస్తుంది, మరికొంత ముందుకు తీసుకెళ్తుంది. అందుకే పచ్చి క్యారెట్ జ్యూస్ తాగేవాళ్లను నేను పూర్తిగా తప్పుపట్టను, వాళ్లు సగం పని చేసేశారు. మిగతా సగం దగ్గరే దెబ్బతింటున్నారు, అది కొవ్వు.

బీటా కెరోటిన్, లైకోపీన్ రెండూ నీళ్లలో కరగవు. క్యారెట్ ముక్కలు ఉడికించిన నీళ్లు చూడండి, ముక్కలంత నారింజ రంగు వాటికి ఎప్పటికీ రాదు. అదే నూనెలో టమాటా మగ్గాక పైకి తేలిన నూనె ఎర్రగా మారుతుంది, ఆ ఎరుపే లైకోపీన్. పేగులో ఉన్నది దాదాపు నీళ్ల ప్రపంచం. అక్కడ ఒంటరిగా వదిలేస్తే ఈ పదార్థాలకు పేగు గోడ దాకా చేరే దారి లేదు. భోజనంలో కొవ్వు ఉంటే చిన్నపేగు మొదట్లో దాన్ని పసిగట్టిన కణాలు ఒక హార్మోన్ వదులుతాయి, పిత్తాశయం ముడుచుకుని పైత్యరసం పంపుతుంది. ఆ రసం కొవ్వును సన్నటి బిందువులుగా చిలుకుతుంది, ఎంజైములు దాన్ని విడగొడతాయి, చివరికి మైసెల్స్ అనే అతి చిన్న గోళాలు తయారవుతాయి. బయట నీటికి, లోపల నూనెకు సరిపడే గోళాలివి. వాటి లోపల ఎక్కితేనే బీటా కెరోటిన్ పేగు కణం దాకా వెళ్లగలదు. కణంలోకి వెళ్లాక కూడా మళ్లీ కొవ్వు మూటల్లోనే సర్దుకుని, శోషరసం దారిలో రక్తంలో కలుస్తుంది. కొవ్వే లేని భోజనంలో ఈ ఏర్పాటంతా అరకొరగా సాగుతుంది.

ఇది ఊహ కాదు. 1992లో జర్మనీ పరిశోధకులు టమాటా రసాన్ని 1 శాతం నూనెతో కలిపి గంటసేపు మరిగించి తాగించారు, మర్నాటికి రక్తంలో లైకోపీన్ రెండు మూడు రెట్లయింది. వేడిచేయని రసం తాగినప్పుడు పెరగలేదు. 2004లో అమెరికాలో ఇంకో ప్రయోగం, ఈసారి పచ్చి సలాడ్. డ్రెస్సింగ్‌లో ఒకసారి నూనె అసలు లేదు, ఒకసారి 6 గ్రాములు, ఒకసారి 28 గ్రాములు. నూనె లేని సలాడ్ తిన్నాక రక్తంలోకి చేరిన కెరోటినాయిడ్లు, అంటే బీటా కెరోటిన్, లైకోపీన్ లాంటి రంగు పదార్థాలు, దాదాపు సున్నా. 6 గ్రాములకు కొంత వచ్చింది, 28కి బాగా ఎక్కువ. మరోవైపు 2000లో వచ్చిన డచ్ పరిశోధన ఒకటి, బీటా కెరోటిన్‌ను ముందే కొవ్వులో కరిగించి ఇస్తే భోజనంలో 3 గ్రాముల కొవ్వు ఉన్నా చాలని తేల్చింది, 36 గ్రాములు ఇచ్చినా అదనపు లాభం లేదు. రెండూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ, నేను వీటిని పక్కపక్కన పెట్టి చదువుకునేది ఇలా: పదార్థం ఇంకా కణంలో బందీగా ఉంటే ఎక్కువ కొవ్వు కావాలి, ఇప్పటికే విడిపడి ఉంటే ఒక టీస్పూను, అంటే నాలుగైదు గ్రాములు సరిపోతుంది. వండటం వల్ల వచ్చే లాభాల్లో ఇదీ ఒకటన్నమాట, తక్కువ నూనెతో పని అయిపోతుంది. ఆ నూనె కూరలోనే పడాలని కూడా లేదు, అదే పూటలో తిన్న గుడ్డు, గింజలు, పెరుగులోని కొవ్వు కూడా పనికొస్తాయి.

సరే, విటమిన్ సి సంగతేమిటి అంటారు. నిజమే, పోతుంది. ఆ కార్నెల్ పరీక్షలోనే టమాటాల్లో విటమిన్ సి రెండు నిమిషాలకు 10 శాతం, అరగంటకు 29 శాతం తగ్గింది. క్యారెట్ ఉడికించిన నీళ్లు పారబోస్తే నీళ్లలో కరిగే విటమిన్లు వాటితో పోతాయి. కానీ విటమిన్ సి కోసం ఎవరైనా క్యారెట్ తింటారా? పచ్చిగా తినే పండ్లు దానికి బోలెడున్నాయి. ఒక పోషకంలో మూడో వంతు కంటే తక్కువే పోయి, ఇంకో పోషకం రెండు రెట్లకు పైగా చేతికొస్తున్నప్పుడు, పోయినదాన్నే పట్టుకుని గోల చేయడం నాకు అర్థం కాదు.

అయితే వండటం మంచిదని గంటలు గంటలు మరిగించమనడం లేదు. పైన అంకెలు మళ్లీ చూడండి, పదిహేను నిమిషాల తర్వాత లైకోపీన్ పెరగడం ఆగిపోయింది. అప్పటికి గోడలు తెరుచుకోవడం అయిపోయింది, ఆపైన వేడి, గాలి కలిసి ఉన్నదాన్ని పాడుచేయడమే మిగులుతుంది. బీటా కెరోటిన్‌కు గాలి, వెలుతురు పడవు, ఎండబెట్టిన క్యారెట్ నిల్వలో పాలిపోవడం దానికి గుర్తు. 2008లో ఇటలీలో జరిగిన పరీక్షలో నీళ్లలో ఉడికించిన క్యారెట్‌లో కెరోటినాయిడ్లు 14 శాతం ఎక్కువగా కొలతకు వస్తే, నూనెలో వేయించిన వాటిలో తగ్గాయి. వేపుడు నూనెలోకి దిగిన కెరోటిన్, ఆ నూనె గిన్నెలోనే ఉండిపోతుంది కదా. మూతపెట్టి, కొద్ది నీళ్లతో, ముక్క సులువుగా నలిగేదాకా ఉడికించి, తర్వాత టీస్పూను నూనె. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఇక నాకు అసలు కోపం తెప్పించేది పోషకాల పట్టిక. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో వంద గ్రాముల పచ్చి క్యారెట్‌కు విటమిన్ ఎ 835 మైక్రోగ్రాములు, ఉడికించిన దానికి 852. దాదాపు సమానం. ఫోన్లోని డైట్ యాప్‌లు చాలావరకు ఇలాంటి పట్టికల మీదే నడుస్తాయి. నూనె లేకుండా పచ్చి ముక్కలు తిన్నవాడికీ, ఉడికించి నూనె కలిపి తిన్నవాడికీ యాప్ ఒకే మార్కు వేస్తుంది. బ్యాంకు ఖాతాలో ఉన్న సొమ్మును జేబులో ఉన్నట్టు లెక్కేయడమే ఇది. పైగా నూనె వేసినందుకు రెండోవాడికి క్యాలరీల దగ్గర ఎర్రగుర్తు పెట్టి మందలిస్తుంది కూడా!

ఈ సంగతి లెక్కలు కట్టేవాళ్లకు తెలియదా అంటే, బాగా తెలుసు. 2001లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక మైక్రోగ్రాము విటమిన్ ఎ రావాలంటే ఆహారంలోని బీటా కెరోటిన్ 12 మైక్రోగ్రాములు కావాలని, నూనెలో కరిగించిన సప్లిమెంట్ రూపంలో అయితే 2 చాలని తేల్చింది. పదార్థం ఒక్కటే, ఉన్న రూపాన్ని బట్టి ఆరు రెట్ల తేడా. మరి ఆ 12 అనేది పచ్చిదానికీ ఉడికినదానికీ, నలిపినదానికీ ముక్కలకీ, నూనె ఉన్నా లేకపోయినా ఒకే సగటు. సప్లిమెంట్ మాత్రకు వేరే అంకె ఇవ్వగలిగినవాళ్లు గిన్నెలోని కూరకు ఇవ్వలేరా? లైకోపీన్ పరిస్థితి ఇంకా అన్యాయం. అది విటమిన్ కాదు, రోజుకు ఇంత కావాలనే కొలత లేదు, కాబట్టి పట్టికలో మిల్లీగ్రాములు రాసి వదిలేశారు. అందులో ఎంత ఒంటికి పడుతుందో అడిగే గడే లేదు. కనీసం పచ్చిది, ఉడికించింది, నూనెతో ఉడికించింది అని మూడు వరసలు పెట్టి, అందుబాటులోకి వచ్చే శాతం పక్కన రాసినా చాలు, క్యారెట్, టమాటాలకు దానికి కావలసిన కొలతలు ఇప్పటికే ఉన్నాయి.