నలభై నిమిషాల ప్రసంగానికి ఒక ఓటమిదారుడి లేఖ

మహారాజశ్రీ ఫోటో పోటీ నిర్వాహకుల ప్రసంగం గారికి,

కడపలో మొన్న ఆదివారం మిమ్మల్ని పూర్తిగా విన్నవాళ్లలో నేనొకణ్ణి. మిగతావాళ్లు భోజనాల వాసన వైపు తిరిగి కూర్చున్నారు.

మొదటి వడపోత గురించి భలే చెప్పారు. ఒక్కో ఫోటో తెర మీద అయిదు సెకన్లు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు చెయ్యెత్తితే లోపలికి, లేకుంటే బయటికి. అలా ఇరవై మిగిలాయి, అందులో సగం గండికోటే. ఒకాయన ఎర్రటి సూర్యాస్తమయం పక్కనే నిండు చంద్రుణ్ణి కూడా కూర్చోబెట్టాడు. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురు దిక్కున కదా వస్తాడు! కెమెరాలోని అసలు ఫైలు పంపమంటే ఆయన మళ్లీ ఫోనెత్తలేదట. ఇంతవరకూ మీకు చప్పట్లు కొట్టాను.

తర్వాత లెక్కల్లోకి దిగారు. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో నేను తీసిన ఫోటోకు 9, 9, 4. గెలిచిన గండికోట ఉదయానికి 7, 8, 8. నాది 22, దానిది 23. "ముగ్గురూ మెచ్చిన చిత్రమే గెలిచింది" అన్నారు మీరు. పక్కనున్న మావాడు నా చెవిలో గొణిగినాడు: "ఏందన్నా, ఇద్దరికి నీదే నచ్చింది కదా?"

వాడన్నదే లెక్క. మొదటాయన నన్ను రెండు మార్కులు, రెండో ఆవిడ ఒక మార్కు ముందుంచారు. మూడో ఆయన ఒక్కడే నాలుగు కిందికి లాగేశాడు. ఇద్దరూ ఏడుకూ తొమ్మిదికీ మధ్య పొదుపుగా మార్కులేస్తుంటే, నాలుగు దాకా దిగగలిగినవాడి చేతిలోకే పోటీ వెళ్లిపోతుంది. సగటు తీస్తే ఇది కనపడదు. జడ్జీల మధ్య తేడా అయిదు మార్కులున్న ఫోటోను మాత్రం మళ్లీ తెర మీదికి తెచ్చి, ఆ ముగ్గుర్నీ మాట్లాడుకోమంటే సరిపోయేది. మాట్లాడాక కూడా ఆయన నాలుగే అని ఉండొచ్చు, అప్పుడు నాకు పేచీ లేదు.

ఇంతకీ నాలుగెందుకో మీరే చదివి వినిపించారు: "చిత్రం మరీ చీకటి". స్వామీ, మధ్యాహ్నం రెండు గంటల ఎండలో తీసిందది! రాయి నలుపు, దాని నీడ ఇంకా నలుపు. ఆ నీడలో కూర్చుని ఒకామె చెంబెత్తి నీళ్లు తాగుతోంది. మెడ మీద తెల్లగా రాతిపొడి. ప్రొజెక్టరుకు నలుపును వెయ్యడం రాదు కదా, వెలుగు పడనిచోట తెర ఎంత నల్లగా ఉంటే అంతే నలుపు. హాల్లో లైటు వెలిగితే ఆ నలుపు బూడిదరంగైపోతుంది, అందులో ఉన్న ఆమె కూడా కలిసిపోతుంది. గండికోట ఆకాశానికి ఆ బాధ లేదు.

మూడో జడ్జి గారి కుర్చీ తెర పక్కన, ట్యూబులైటు కింద. రాసుకోవడానికి వెలుతురు కావాలని ఆయనే వేయించుకున్నారని మీరే నవ్వుతూ చెప్పారు.

వచ్చే ఏడాదీ ఎటూ వస్తారు కదా. ఆ రోజు నేను కాస్త ముందే వచ్చి, ఆ స్విచ్ ఏ గోడకుందో చూసిపెట్టుకుంటాను.

ఇట్లు,
ఇరవై రెండు మార్కులవాడు