తెల్ల పట్టీని ‘కొంచెం డార్క్ చేస్తే’ పోదు

“ఫొటోలో చేతికున్న వాచీ తీసేయాలంటే చుట్టూ సెలెక్షన్ గీసి Content-Aware Fill కొట్టండి. అతుకు కనిపిస్తే హీలింగ్ బ్రష్‌తో రుద్దండి. పక్కన ఎండ తగలని తెల్ల పట్టీ మిగిలితే కొంచెం డార్క్ చేయండి. రెండు నిమిషాల పని.”

ఫొటోషాప్ వాడేవాళ్లకు ఇచ్చే ఈ సలహాలో మొదటి మాట సగం నిజం. చర్మం మధ్యలో ఫిల్ బాగానే పనిచేస్తుంది. చిక్కంతా మణికట్టు అంచు దగ్గర. అక్కడ ఫిల్ బ్యాక్‌గ్రౌండ్‌నీ చర్మాన్నీ కలిపేసి చెయ్యి గీతను వంకర చేస్తుంది. అందుకే ముందు పెన్ టూల్‌తో ఆ గీతను పైనుంచి కిందికి కలిపి, దాన్ని సెలెక్షన్‌గా మార్చి, లోపలి భాగాన్నే నింపాలి. వాచీ పడేసిన నీడను కూడా తీసేసే భాగంలో చేర్చాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు, వాచీ పోయినా నీడ ఉండిపోతుంది.

హీలింగ్ బ్రష్ సంగతి. అది టెక్స్చర్‌ను మనం చూపిన చోటు నుంచి తెచ్చుకుంటుంది, రంగును మాత్రం గీసిన చోటు చుట్టుపక్కల నుంచి లాగుతుంది. పక్కన నల్ల బెల్టు ముక్క ఇంకా ఉంటే ఆ నలుపు చర్మంలోకి పాకుతుంది. రుద్దేకొద్దీ మరక పెరుగుతుంది. కాబట్టి ముందు క్లోన్ స్టాంప్‌తో వాచీ ఆనవాళ్లన్నీ చెరిపేసి, హీలింగ్ ఆ తర్వాతే. శాంపిల్‌ను ముంజేతి మీద, అదే ఫోకస్, అదే వెలుతురు ఉన్న చోటు నుంచి తీసుకోండి. వెంట్రుకలు ఎటు వాలాయో కూడా చూసుకోండి.

ఇక అసలు తప్పు మూడోది. ఎండకు చర్మం నల్లబడటం, అంటే ట్యాన్, వెలుతురు తగ్గడం ఒక్కటే కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ నీలి కాంతిని ఎక్కువగా, ఎరుపును తక్కువగా పీల్చుకుంటుంది. ఉదాహరణకు పక్క చర్మం R 176, G 128, B 98, తెల్ల పట్టీ R 205, G 165, B 140 అనుకోండి. మూడింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే ఎరుపు 176కి కుదురుతుంది. కానీ ఆకుపచ్చ 142 దగ్గర, నీలం 120 దగ్గర ఆగిపోతాయి. ట్యాన్‌లోని పసుపు ఛాయ రాదు, పట్టీ బూడిద పూసినట్టు తేలిపోతుంది. అప్పుడు ఇంకా డార్క్ చేస్తే మురికి పట్టినట్టు ఉంటుంది.

దానికి మందు ఇది: Curves లేయర్ వేసి ఛానెళ్లను విడివిడిగా దించండి. Red 205ని 176కి, Green 165ని 128కి, Blue 140ని 98కి. మాస్క్‌ను నల్లగా నింపి, మెత్తటి తెల్ల బ్రష్‌తో పట్టీ మీద మాత్రమే పెయింట్ చేయండి. పట్టీ అంచు ఎంత మెల్లగా కలుస్తుందో బ్రష్ కూడా అంతే మెత్తగా ఉండాలి. పని అయ్యాక Channels ప్యానెల్‌లో Blue ఒక్కటే ఆన్ చేసి చూడండి. మామూలుగా కనపడని పట్టీ అక్కడ దొరికిపోతుంది.

ఉంగరానికీ ఇదే లెక్క, ఒక తేడాతో: ఉంగరం నొక్కిన చోట వేలు సన్నబడి అటూ ఇటూ ఉబ్బుతుంది. ఆ గుంటను రంగుతో కప్పలేం, Liquifyతో అంచును కొద్దిగా బయటికి తోయాలి.